ఏ గదికండీ? ఫ్యాన్ల పోలిక రాసే దుకాణదారు లెక్క

సీలింగ్ ఫ్యాన్ కొనబోయే మనిషి ఈ రోజుల్లో ముందుగా ఫోన్ తీసి ఒక ప్రశ్న వెతుకుతాడు: బీఎల్‌డీసీ ఫ్యాన్ తీసుకోవాలా, మామూలుది చాలా? ఈ ప్రశ్న అడిగేవాడికి ఫ్యాన్ కావాలని ఎవరూ నచ్చచెప్పనక్కర్లేదు. కొనాలని నిర్ణయం అయిపోయింది, డబ్బు కూడా సిద్ధంగా ఉంది, తేలనిది ఏది కొనాలన్నదే. అందుకే ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లంతా పోలిక వ్యాసాలు రాయిస్తారు. రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి, తేడాలు చెప్పి, చివర కొనే బటన్ ఇస్తారు.

అలాంటి వ్యాసాలు నాలుగు చదివితే ఐదోది చదవక్కర్లేదు. అన్నిట్లోనూ ఒకే లెక్క ఉంటుంది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ 28 వాట్లు, ఏడాదికి వెయ్యి రూపాయలు ఆదా, ఏడాదీ మూడు నెలల్లో పెట్టిన అదనపు డబ్బు వెనక్కి. ఇందులో అబద్ధమని వేలు పెట్టి చూపించగల అంకె ఒక్కటీ లేదు. అయినా లెక్క తప్పు. పోలికలో మోసం అంకెల్లో తక్కువగా ఉంటుంది. దేన్ని దేని పక్కన పెట్టారన్న దగ్గరే జరగాల్సింది జరిగిపోతుంది.

అది ఎలాగో చూద్దాం. విజయవాడలో రెండు రకాల ఫ్యాన్లూ ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకోండి. మామూలు ఫ్యాన్ 1,600 రూపాయలు, బీఎల్‌డీసీ 2,900. రెండూ 1200 మిల్లీమీటర్ల రెక్కలవే, అంటే మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే సైజు. ధరలో తేడా 1,300. ఈ దుకాణం తరఫున పోలిక రాయడానికి కూర్చున్నవాడు మొదట తేల్చుకోవలసింది, 'మామూలు ఫ్యాన్' అంటే ఏ ఫ్యాన్ అని.

పాత ఇళ్లలో తిరుగుతున్న ఫ్యాన్లు 70 నుంచి 80 వాట్ల దాకా లాగుతాయి, నిజమే. కానీ 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే ఆ స్టార్లు, ఒక వాట్ కరెంటుకు ఫ్యాన్ ఎంత గాలి తోస్తుందన్న దాన్ని బట్టి వస్తాయి. అప్పుడు వచ్చిన లెక్క ప్రకారం ఈ సైజు ఫ్యాన్‌కు ఒక్క స్టార్ రావాలన్నా వాట్‌కు నిమిషానికి కనీసం 4 ఘనపు మీటర్ల గాలి రావాలి. నిమిషానికి 210 ఘనపు మీటర్ల గాలినిచ్చే ఫ్యాన్ ఆ గీత దాటాలంటే 52 వాట్లకు మించి తినకూడదు. అంటే ఈ దుకాణం ఇవాళ అమ్ముతున్న 1,600 రూపాయల ఫ్యాన్ 75 వాట్లది కానే కాదు. అది 50, 52 వాట్ల ఫ్యాన్.

ఇప్పుడు పై లెక్కలో మెలిక ఎక్కడుందో కనిపిస్తుంది. కరెంటు ఆదా దగ్గర పాత ఫ్యాన్‌తో పోల్చారు. ధరలో తేడా దగ్గర కొత్త ఫ్యాన్‌తో పోల్చారు. నిజానికి వీళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకరు కొత్త ఇంటికి కొత్తగా ఫ్యాన్ కొంటున్నారు. రెండోవారింట్లో పాతది బాగానే తిరుగుతోంది, బిల్లు తగ్గుతుందేమోనని మార్చాలనుకుంటున్నారు. ఒకరి ఆదాను ఇంకొకరి ఖర్చుతో భాగిస్తే ఇద్దరికీ పనికిరాని జవాబు వస్తుంది. అది అమ్మేవాడికి మాత్రం నోరూరించేలా ఉంటుంది.

విడివిడిగా వేసి చూడండి. పడకగదిలో ఫ్యాన్ రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరుగుతుందనుకుందాం. అంటే 3,600 గంటలు. కొత్త ఇంటివాళ్లకు 52 వాట్లకూ 28 వాట్లకూ తేడా 24 వాట్లు. ఏడాదికి 86 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలైతే 518 రూపాయలు. అదనంగా పెట్టిన 1,300 రావడానికి రెండున్నరేళ్లు. పాత ఫ్యాన్ మార్చేవాళ్లకు తేడా 47 వాట్లు, ఏడాదికి 169 యూనిట్లు, 1,015 రూపాయలు. ఆదా ఎక్కువే. కానీ పాతది పనిచేస్తూనే ఉంది కాబట్టి వాళ్లు పెట్టే ఖర్చు 1,300 కాదు, మొత్తం 2,900. అది తిరిగి రావడానికి రెండేళ్ల పది నెలలు. ఏడాదీ మూడు నెలలన్నది ఇద్దరిలో ఎవరికీ వర్తించదు. పాత 75 వాట్ల ఫ్యాన్ కాలిపోయి, ఎలాగూ ఒక ఫ్యాన్ కొనక తప్పనివాళ్లకు వర్తిస్తుందని వాదించేవాళ్లు ఉంటారు. వాళ్లకూ కుదరదు, ఎందుకంటే వాళ్లు వదులుకుంటున్నది కొత్త 52 వాట్ల ఫ్యాన్‌ను.

మరి నిజం రాస్తే అమ్మకం పడిపోదా? దుకాణదారుకు వెంటనే పుట్టే భయం ఇదే. నా ఉద్దేశంలో రెండున్నరేళ్లు అన్న మాట అమ్మకానికి అడ్డం కాదు. బీఎల్‌డీసీ ఫ్యాన్లకు సాధారణంగా రెండేళ్లకు తక్కువ కాకుండా వారంటీ ఉంటుంది, కొన్నింటికి ఐదేళ్లు ఇస్తారు. వారంటీ ఐదేళ్లయితే, రెండున్నరేళ్లలో డబ్బు తిరిగొచ్చి, మిగతా రెండున్నరేళ్లు లాభమని నిజాయితీగానే చెప్పవచ్చు. అమ్మకానికి అడ్డం తగిలేది అనుమానం. నాలుగు చోట్ల ఒకే లెక్క చదివి వచ్చినవాడికి, 'కొత్తగా కొనేవాళ్లకు తేడా 47 వాట్లు కాదు, 24 వాట్లే' అని రాసిన మొదటి దుకాణం మీద గురి కుదురుతుంది. ఆ తర్వాత ఆ దుకాణం ఏం చెప్పినా వింటాడు.

పోలిక మధ్యలో మరో సంగతి ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ రాయరు. యూనిట్ 6 రూపాయలన్నాం కదా, ఎవరికి 6 రూపాయలు? మన కరెంటు బిల్లు స్లాబుల్లో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన టారిఫ్ చూస్తే, నెలకు 126 నుంచి 225 దాకా పడే యూనిట్లకు 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు, కింద 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు వేరు. ఫ్యాన్ ఆదా చేసే యూనిట్లు ఎప్పుడూ పై స్లాబు నుంచి తగ్గుతాయి. అందువల్ల నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంట్లో అదే ఫ్యాన్ ఏడాదికి 750 రూపాయల పైన మిగులుస్తుంది. 60 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంట్లో 260 కూడా మిగల్చదు. మొదటి ఇంటివాళ్లకు డబ్బు రెండేళ్లు తిరగకుండానే వచ్చేస్తుంది, రెండో ఇంటివాళ్లకు ఐదేళ్లు పడుతుంది.

తెలంగాణకు వస్తే లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడ 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తోంది. అలాంటి ఇంట్లో నెలకు 150 యూనిట్లు కాలుతుంటే బీఎల్‌డీసీ ఫ్యాన్ కరెంటు బిల్లులో ఒక్క రూపాయి కూడా మిగల్చదు, ఉన్న బిల్లే సున్నా కాబట్టి. ఈ ఒక్క వాక్యం రాయడానికి దుకాణదారు చేయి వణుకుతుంది. కానీ పక్క వాక్యం చూడండి. అదే ఇంట్లో ఎండాకాలంలో వాడకం 210 యూనిట్లకు చేరితే సున్నా బిల్లు పోయి మొత్తానికీ కట్టాలి. పాత 75 వాట్ల ఫ్యాన్లు రెండింటిని మార్చితే రోజుకు 12 గంటల చొప్పున నెలకు 34 యూనిట్ల దాకా తగ్గుతాయి, ఇల్లు మళ్లీ 200 గీత లోపలికి వస్తుంది. ఆ ఇంటివాళ్లకు ఏడాదికి ఇన్ని రూపాయల ఆదా అన్న మాటకన్నా ఇది వంద రెట్లు పనికొచ్చే మాట. గీతకు దూరంగా ఉన్నవాళ్లకు వద్దని చెప్పిన చోటే, గీత దగ్గర ఉన్నవాళ్లకు కొనడానికి అసలు కారణం దొరికింది. న్యాయంగా రాయడానికీ అమ్మకానికీ పేచీ ఉందనుకునేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే.

కౌంటర్ దగ్గర నిలబడే మంచి సేల్స్‌మన్‌కు ఇదంతా చెప్పక్కర్లేదు. ఫ్యాన్ కావాలని వచ్చినవారిని అతను మొదట అడిగేది 'ఏ గదికండీ?' అని. చుట్టాలొస్తే తప్ప తలుపు తీయని గదికైతే 1,600ది చాలంటాడు. రోజుకు రెండు గంటలు తిరిగే ఫ్యాన్‌కు ఏడాది ఆదా 86 రూపాయలు, 1,300 తిరిగి రావడానికి పదిహేనేళ్లు. హాలుకు, పడకగదికి అయితే బీఎల్‌డీసీ చూపిస్తాడు. ఆన్‌లైన్‌లో ఆ మనిషి లేడు కాబట్టి అతని పని రాత చేయాలి. అంటే వ్యాసం మొదట్లోనే, మోటారు ఎలా తిరుగుతుందో చెప్పే ముందే, జవాబు గదిని బట్టి ఇచ్చేయాలి.

చాలామంది ఇలా మొదలుపెడతారు: 'మీ ఇంటికి సరైన ఫ్యాన్ ఎంచుకోవడం ఎంతో ముఖ్యం. నేటి ఆధునిక జీవనంలో విద్యుత్ ఆదా అందరి బాధ్యత.' ఇది చదివేవాడు అప్పటికే వేలితో పైకి తోసేస్తుంటాడు. దాని బదులు ఇలా మొదలుపెట్టవచ్చు:

'రోజుకు ఎనిమిది గంటలకు మించి తిరిగే గదికి బీఎల్‌డీసీ తీసుకోండి, ఇన్వర్టర్ ఉన్న ఇంటికైతే మరీను. అప్పుడప్పుడూ వాడే గదికి మామూలుది చాలు, మిగిలిన 1,300 వేరే దేనికైనా పనికొస్తుంది. పాత ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే కరెంటు ఆదా కోసమే మార్చాలా వద్దా అన్నది మీ బిల్లు ఏ స్లాబులో ఉందో చూసి తేల్చుకోండి, లెక్క కింద ఉంది. మేము రెండూ అమ్ముతాం. బీఎల్‌డీసీ మీద మాకు మిగిలేది కాస్త ఎక్కువ.'

చివరి వాక్యం ఎందుకని అడగవచ్చు. చట్టం దుకాణదారును తన లాభం ఎంతో చెప్పమనదు. కానీ ఖరీదైనది కొనమని చెప్పేవాడికి దానిలో ఏముందో చదివేవాడు ఎలాగూ ఊహిస్తాడు. మనమే చెప్పేస్తే ఊహించే పని తప్పుతుంది. ఫ్యాన్ కంపెనీ డబ్బిచ్చి రాయించినా, అమ్మకం మీద కమీషన్ వచ్చినా మాత్రం చెప్పడం మర్యాద ఒక్కటే కాదు. 2022 జూన్‌లో వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం అలాంటి సంబంధం దాచకూడదు. ప్రకటనను మామూలు సమాచారంలా వేషం వేసి చూపించడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్ల మార్గదర్శకాలు నిషేధించాయి. గోడౌన్ నిండా సరుకు పెట్టుకుని 'ఇంకా 2 మాత్రమే ఉన్నాయి' అని ఎర్ర అక్షరాల్లో చూపించడం కూడా ఆ జాబితాలోనే ఉంది.

ఇక పట్టిక. పోలిక అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే, అందరూ ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. చెడగొట్టే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. బీఎల్‌డీసీకి రిమోట్ ఉంది. దాన్ని రిమోట్ అని ఒక వరుస, టైమర్ అని ఒక వరుస, స్లీప్ మోడ్ అని ఒక వరుస, వేగం చూపే దీపం అని ఇంకో వరుస వేస్తారు. నాలుగు వరుసల్లో ఒకవైపు టిక్కులు, మరోవైపు ఇంటూలు. ఉన్నది ఒకే రిమోట్, కంటికి కనిపించేది నాలుగు ఓటములు. మామూలు ఫ్యాన్ గెలిచే విషయాలు మాత్రం 'నిర్వహణ' అన్న ఒక్క వరుసలో దాక్కుంటాయి. వరుసల సంఖ్య న్యాయంగా ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. రెండు వస్తువుల పేర్లూ కొట్టేసి 'అ', 'ఆ' అని పెట్టి, ఫ్యాన్ల సంగతి తెలియని ఎవరికైనా చూపించి, దుకాణం ఏది అమ్మాలనుకుంటోందో చెప్పమనండి. మొదటి చూపులోనే చెప్పేశారంటే పట్టిక మళ్లీ వేయాలి.

ఈ పోలికలో నిజంగా ఉండాల్సిన వరుసలు ఐదారుకు మించవు. వాట్లు. నిమిషానికి ఎంత గాలి. ధర. వారంటీ. తక్కువ వోల్టేజీలో, ఇన్వర్టర్ మీద ఎలా నడుస్తుంది. చెడిపోతే ఏమవుతుంది. వీటిలో గాలి వరుసను వదిలేయడం పెద్ద తప్పు. 28 వాట్లంటూ తక్కువ గాలి వేసే ఫ్యాన్‌ను, 52 వాట్లతో ఎక్కువ గాలి వేసే ఫ్యాన్‌తో పోల్చితే అది పోలికే కాదు. ఉక్కగా ఉందని తిట్టుకుంటూ కొన్నవాడు పెట్టెలో పెట్టి వెనక్కి పంపుతాడు. ఈ అంకెలు స్టార్ లేబుల్ మీద, కంపెనీ వివరాల్లో ఉంటాయి. బీఈఈ స్టార్ లేబుల్ యాప్‌లో మోడల్ పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. కంపెనీ పంపిన బొమ్మలో ఉన్న అంకెను అలాగే దించేయకుండా ఒక్కసారి అక్కడ చూసుకోవడం మంచిది.

చివరి రెండు వరుసలు పట్టికలో ఇమడవు, వాటికి పేరా కావాలి. మామూలు ఫ్యాన్ మోటారు కరెంటును నేరుగా తీసుకుంటుంది. వోల్టేజీ పడిపోతే వేగం పడిపోతుంది. చదరపు తరంగం ఇచ్చే చౌకరకం ఇన్వర్టర్ మీద గుయ్యిమని మూలుగుతుంది. బీఎల్‌డీసీలో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ముందు కరెంటును డీసీగా మార్చి, అయస్కాంతాలున్న మోటారును ఆ బోర్డే తిప్పుతుంది. అందుకే వోల్టేజీ బాగా తగ్గినా వేగం నిలుస్తుంది, మూలుగు ఉండదు, బ్యాటరీ మీద సగం భారమే. సాయంత్రం వేళ లైటు మసకబారే ఊళ్లలో ఇది కరెంటు ఆదాకన్నా పెద్ద కారణం. అక్కడివాళ్లకు రాసేటప్పుడు నేనైతే దీన్నే ముందు పెడతాను.

అదే బోర్డు దాని బలహీనత కూడా. మామూలు ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందంటే చాలాసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది, వంద రూపాయల లోపు వస్తువు. మోటారు కాలితే సందు చివర వైండింగ్ షాపు చూసుకుంటుంది. బీఎల్‌డీసీ బోర్డు పోతే ఆ సందులో పని జరగదు. ఆ కంపెనీ, ఆ మోడల్ బోర్డే కావాలి. ఉరుములు మెరుపుల కాలంలో వోల్టేజీ ఎగిరిపడే చోట ఈ సంగతి కొనేవాడికి ముందే తెలియాలి. ఇక్కడ దుకాణదారు చేయగల అసలు సేవ ఒకటుంది. కంపెనీకి ఫోన్ చేసి, వారంటీ అయ్యాక బోర్డు ఎంతకు ఇస్తారు, మన జిల్లాలో సర్వీస్ ఉందా అని కనుక్కుని, ఆ జవాబును తేదీతో సహా రాయడం. వేరే ఎవరూ రాయని వాక్యం అదే అవుతుంది. జవాబు ఇవ్వని కంపెనీ ఫ్యాన్ గురించి కూడా ఆ ఫోన్ కాల్ చాలా చెబుతుంది.

రెగ్యులేటర్ సంగతి ఇంతకన్నా చిన్నది, గొడవ మాత్రం పెద్దది. బీఎల్‌డీసీ ఫ్యాన్లను సాధారణంగా గోడ మీది పాత రెగ్యులేటర్‌తో నడపకూడదు. దాన్ని తీసి మామూలు స్విచ్చి పెట్టుకోవాలి. ఇది తెలియక బిగించినవాళ్లకు ఫ్యాన్ ఆగి ఆగి తిరుగుతుంది, వస్తువు చెడ్డదని వెనక్కి పంపుతారు. రిమోట్ ఎక్కడో పడిపోతే ఇంట్లో పెద్దవాళ్లు వేగం తగ్గించడానికి దారి ఉండని మోడళ్లూ ఉన్నాయి. ఇవన్నీ రాస్తే కొందరు మామూలు ఫ్యాన్ వైపు వెళ్లిపోతారు, నిజమే. కానీ వాళ్లు వెళ్లేది అదే దుకాణంలోని 1,600 రూపాయల ఫ్యాన్‌కు. రాయకపోతే బీఎల్‌డీసీయే కొని, వారం తర్వాత తిప్పి పంపుతారు. ఫ్యాన్ పెట్టె బరువైన సరుకు. పోనూ రానూ కొరియర్ ఛార్జీ, విప్పిన పెట్టెను కొత్త ధరకు అమ్మలేకపోవడం కలిపితే, ఆ ఒక్క ఫ్యాన్ మీద రావాల్సిన లాభమే కాదు, పక్క ఫ్యాన్ల మీద వచ్చిందీ పోతుంది. ఆన్‌లైన్ వ్యాపారంలో అమ్మకం ఆర్డర్ వచ్చిన రోజున పూర్తికాదు, తిప్పి పంపే గడువు దాటిన రోజున పూర్తవుతుంది. పోలిక పనిచేసిందో లేదో ఆ రోజు లెక్క చూసి చెప్పాలి.

కొనే బటన్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ ఆలోచనతోనే తేలుతుంది. చాలామంది వ్యాసం కింద ఒక పెద్ద బటన్ పెట్టి, అది ఖరీదైన వస్తువుకే తీసుకెళ్లేలా చేస్తారు. పైన 'చుట్టాల గదికి మామూలుది చాలు' అని రాసి, కింద బీఎల్‌డీసీ బటన్ ఒక్కటే ఉంటే, అప్పటిదాకా కుదిరిన గురి అక్కడ చెదిరిపోతుంది. ఏ మాట దగ్గర ఏ ఫ్యాన్ సిఫారసు చేశామో, ఆ మాట పక్కనే ఆ ఫ్యాన్ బటన్ ఉండాలి. బటన్ మీద 'ఇప్పుడే కొనండి' బదులు 'పడకగదికి: 28 వాట్ల ఫ్యాన్ చూడండి' అంటే, నొక్కేవాడికి తానెందుకు నొక్కుతున్నాడో తెలుస్తుంది. ఒకే ఇంటికి హాలులో బీఎల్‌డీసీ, చుట్టాల గదికి మామూలుది కలిపి ఆర్డర్ పెట్టేవాళ్లు కూడా ఇక్కడే పుట్టుకొస్తారు. అన్ని గదులకూ ఒకటే రుద్దిన వ్యాసానికి ఆ ఆర్డర్ రాదు.

ఇప్పటిదాకా చెప్పింది రెండూ అమ్మే దుకాణం గురించి. ఒకటే అమ్మేవాడు, లేదా సొంత బ్రాండు ఉన్నవాడు ఎదుటివాడి వస్తువుతో పోల్చితే చట్టం కాస్త దగ్గరగా నిలబడి చూస్తుంది. ఇంట్లో తెల్లబట్టలకు ఉజాలా వాడినవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. 1990లలో ఉజాలా యజమాని ఎం.పి. రామచంద్రన్ మీద, రాబిన్ బ్లూ తయారుచేసే రెకిట్ అండ్ కోల్మన్ కంపెనీ కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. ప్రకటనలో చూపించిన నీలిమందు డబ్బా తమ డబ్బాను పోలి ఉందని, నీలిమందు దండగన్నట్టు చూపించారని వాళ్ల ఫిర్యాదు. కోర్టు అప్పుడు గీసిన గీతనే ఇప్పటికీ న్యాయవాదులు ప్రస్తావిస్తుంటారు. నా వస్తువే లోకంలో గొప్పదని చెప్పుకోవచ్చు, అది నిజం కాకపోయినా సరే. ఎదుటివాడి వస్తువుకంటే మెరుగని కూడా చెప్పవచ్చు, ఎందుకు మెరుగో చూపించవచ్చు. ఎదుటివాడిది చెడ్డదని మాత్రం చెప్పకూడదు.

ఫ్యాన్లకు దీన్ని వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. 'ఆ కంపెనీ లేబుల్ మీద 35 వాట్లు, మా లేబుల్ మీద 28 వాట్లు, రెండూ ఒకే సైజు, ఫలానా తేదీన చూసిన ధరలు ఇవి' అని రాయవచ్చు. 'వాళ్ల ఫ్యాన్లు ఆర్నెల్లకే పాడవుతాయట' అని రాయకూడదు. మొదటిదాన్ని ఎవరైనా సరిచూసుకోగలరు. రెండోదానికి ఆధారం అడిగితే ఆ 'అట' ఎక్కడా నిలవదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. పోల్చడానికి ఎదుటివాడి పాత మోడల్‌ను ఏరుకోవడం, అతని చిన్న రెక్కల ఫ్యాన్ పక్కన మన పెద్ద రెక్కలది పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మొదట్లో చూసిన 75 వాట్ల మెలిక కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే అందులో దెబ్బ తిన్నవాడు పోటీదారు కాదు, కొన్నవాడు.

రాసి పెట్టాక పని అయిపోయిందనుకుంటే ఆరు నెలల్లో వ్యాసం దానంతటదే అన్యాయంగా తయారవుతుంది. బీఎల్‌డీసీ ధర పండగ ఆఫర్లో 2,400కు దిగితే, కొత్త ఇంటివాళ్లకు డబ్బు తిరిగొచ్చే కాలం రెండున్నరేళ్ల నుంచి ఏడాదిన్నరకు పడిపోతుంది. ఆఫర్ అయ్యాక అదే వాక్యం ఉండిపోతే అది తప్పుడు లెక్క. కరెంటు టారిఫ్ మారినా అంతే. అందుకని లెక్క పక్కన ఏ తేదీ ధరలతో, ఏ స్లాబుతో వేశారో రాసి ఉంచాలి. వీలైతే చదివేవాడే తన గంటలు, తన యూనిట్ ధర వేసుకునేలా సూత్రం ఇవ్వాలి: వాట్ల తేడాను ఏడాదిలో తిరిగే గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు, వాటిని తన స్లాబు ధరతో గుణిస్తే రూపాయలు. దుకాణంలో ధరలు మార్చే మనిషి ఎవరో, ఆ ధర మార్చిన రోజే ఈ వ్యాసంలోని నాలుగు అంకెలు కూడా మార్చే బాధ్యత అతనికే ఇవ్వాలి. రాసినవాడికి వదిలేస్తే అతనికి ఆఫర్ సంగతే తెలియదు.